ఒక్క ‘వెళ్తాడు’, రెండు టెన్స్‌లు

‘మామయ్య గుంటూరు వెళ్తాడు.’ రోజూ వెళ్తాడా, రేపు వెళ్తాడా? ఈ వాక్యం ఒక్కటే చూస్తే మీరూ చెప్పలేరు. పాత తెలుగు వ్యాకరణాల్లో అలవాటుగా జరిగేదానికి ‘తద్ధర్మం’ అని వేరే పేరుంది. ఇప్పటి మన మాటల్లో మాత్రం అలవాటుకీ, రేపటికీ ఒకటే క్రియ. రెండు ఫంక్షన్లకు ఒకే పేరు పెట్టినట్టన్నమాట! ఇంగ్లిష్‌లో అలా కుదరదు: రోజూ అయితే ‘గోస్’, రేపయితే ‘విల్ గో’.

పన్నెండు టెన్స్‌ల పట్టిక బట్టీ పట్టిన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. పైగా ‘సింపుల్ ప్రెజెంట్’ అన్న పేరొకటి. ప్రెజెంట్ అంటే ఇప్పుడు అనుకుంటారు పాపం. అది చెప్పేది ఎక్కువగా అలవాటు గురించి.

మొన్న సెలవులకు కనిగిరి వెళ్లినప్పుడు మా వీధిలో ఏడో తరగతి పిల్లలు నలుగురికి పట్టిక మూయించి, మూడు వాక్యాలు రాసిచ్చాను. ‘మై అంకుల్ డ్రైస్ చిల్లీస్ ఎవ్రీ ఇయర్. నౌ హీ ఈజ్ డ్రైయింగ్ దెమ్. టుమారో హీ విల్ టేక్ దెమ్ టు గుంటూరు.’ టెన్స్ పేర్లేవీ చెప్పలేదు. మామయ్య ఈ క్షణాన ఏం చేస్తున్నాడు, ఏటేటా చేసేదేంటి, ఇంకా చేయనిదేంటి అని మాత్రం అడిగాను. మిరపకాయలు ఆరబోయడం రోజూ చూసేదే కాబట్టి టకటకా చెప్పేశారు. తర్వాత ఎవ్రీ ఇయర్, నౌ, టుమారో కొట్టేసి, ఇప్పుడెలా తెలుస్తుందన్నాను. అప్పుడు చూపు క్రియల మీదికి మళ్లింది. ‘విల్’ ఉంటే ఇంకా జరగలేదు, ‘ఈజ్’, ‘ఇంగ్’ కలిస్తే జరుగుతోంది, ఉత్త ‘ఎస్’ ఉంటే అలవాటు. రూల్ వాళ్లే చెప్పారు, నేను బోర్డు మీద రాశానంతే.

ఆ తర్వాత ఎవరింటి సంగతి వాళ్లను రాయమంటే, ఒకమ్మాయి ‘మై ఫాదర్ ఈజ్ గోయింగ్ టు ఒంగోలు ఎవ్రీ డే’ అని రాసింది. తప్పు అనలేదు. ‘అయితే మీ నాన్న ఇప్పుడు బస్సులో ఉన్నాడా?’ అన్నాను. ‘లేదన్నా, ఇంట్లోనే!’ అని నవ్వి, తనే ‘గోస్’ అని దిద్దుకుంది. పక్కనున్న పిల్లాడు మాత్రం గట్టివాడు. ‘మరి టుమారో ఐ యామ్ గోయింగ్ అంటారు కదన్నా?’ అన్నాడు. అంటారు. టికెట్ కొని, బ్యాగ్ సర్దుకున్న ప్రయాణానికి అలాగే అంటారు. పట్టికలో ఆ గడికి ‘ఇప్పుడు’ అని ఒకటే అర్థం రాసుంటుంది, అందుకే వాడికా అనుమానం.

అయితే కథలతో అన్నీ రావు. ‘టేక్’ గతంలో ‘టుక్’ ఎందుకయిందో ఏ మిరపకాయల కథా చెప్పదు. గో-వెంట్, బై-బాట్ లాంటివి నోటికి రావాల్సిందే. రోజుకు ఐదు చొప్పున, ఒక్కోదానికి ఇంటి సంగతి ఒకటి కలిపి రాయమని చెప్పి వచ్చాను.