బోర్డు మీది లిపి రాష్ట్రం పేరు చెప్పదు

రాయ్‌పూర్ జంక్షన్ మీదుగా కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఒకటి, అదే కోర్బా నుంచి బెంగళూరులోని యశ్వంతపురకు వెళ్లే వైన్‌గంగా ఎక్స్‌ప్రెస్ ఒకటి నడుస్తాయి. బోగీల పక్కన ఉండే గమ్యం పలకల మీద హిందీ, ఇంగ్లిష్‌లతో పాటు చేరబోయే ఊరి భాష కూడా ఉండటం రైల్వేలో మామూలే. అలా ఒకే ప్లాట్‌ఫాం మీదికి తెలుగు అక్షరాలు, కన్నడ అక్షరాలు వస్తూ పోతూ ఉంటాయి. దేవనాగరి మాత్రమే చదివే రాయ్‌పూర్ ప్రయాణికుడికి ఆ రెండూ ఒకటే, గుండ్రంగా ఉండే ‘సౌత్’ రాత. ప్రయాణికుడి వరకు ఇబ్బంది లేదు, పక్కనే హిందీ ఉంటుంది. హిందీ లేని చోటే చిక్కు.

ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి ఏటా ఎంతోమంది కూలి పనుల కోసం దక్షిణాదికి వెళతారు. బస్తర్ నుంచి మిరప కోతలకు గోదావరి పరీవాహక గ్రామాలకు వెళ్లేవారు కొందరు, ఇటుక బట్టీలకు, భవన నిర్మాణానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు వెళ్లేవారు మరికొందరు. వీళ్లలో ఎవరినైనా అడ్వాన్సు తీర్చలేదని కదలనివ్వకుండా ఆపితే, ఇంటికి చేరేది చాలాసార్లు ఫోన్లో తీసిన ఒక ఫొటో మాత్రమే. తాము ఏ ఊళ్లో ఉన్నదీ వాళ్లకే తెలియకపోవచ్చు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద కదలాల్సింది ఆ మనిషి ఉన్న చోటి జిల్లా మేజిస్ట్రేటు. రాయ్‌పూర్ నుంచి ఎవరు లేఖ రాసినా ముందు ఏ రాష్ట్రానికి రాయాలో తేల్చుకోవాలి. ఫొటోలో కూలీ వెనక కనిపించే దుకాణం బోర్డు ఒక్కటే ఆధారమైతే, తెలుగును కన్నడ అనుకున్నందుకు ఆ లేఖ వేరే రాష్ట్రపు కలెక్టరేట్‌లో రోజుల తరబడి తిరుగుతుంది.

అందుకే ఈ తేడాను పట్టుకోవడం లిపి శాస్త్రజ్ఞులకే వదిలేయాల్సిన పని కాదు. సహాయ కేంద్రాల్లో, కార్మిక శాఖ కార్యాలయాల్లో కూర్చునే వారెవరైనా నేర్చుకోవచ్చు. దాంతో పాటు, ఆ తేడా ఎక్కడి వరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలియాలి. సాధారణంగా పొరపాటు జరిగేది ఈ రెండో చోటే.

రెండు లిపులు ఒకే కొమ్మ నుంచి వచ్చినవి. కదంబుల, చాళుక్యుల కాలపు శాసనాల లిపిని చరిత్రకారులు తెలుగు-కన్నడ లిపి అనే ఒకే పేరుతో పిలుస్తారు. తర్వాతి శతాబ్దాల్లో రాత నెమ్మదిగా విడిపోయింది. 19వ శతాబ్దంలో అచ్చు అక్షరాలు పోత పోశాక ఆ తేడాలు గట్టిపడ్డాయి. కాబట్టి గుండ్రటి ఒంపులు, కింద వేలాడే ఒత్తులు, సున్నా రెండింటికీ ఉమ్మడి ఆస్తి. వాటిని చూసి ఏదీ తేల్చలేం.

అందరూ మొదట చెప్పే గుర్తు తలకట్టు. తెలుగులో అది న, ర, గ వంటి అక్షరాల నెత్తిన టిక్కు పెట్టినట్టు ఏటవాలుగా పైకి లేస్తుంది. కన్నడలో అడ్డంగా పడుకుని, కుడి చివర కాస్త వంపు తిరుగుతుంది. ముద్రిత బోర్డు మీద దూరం నుంచే కనబడే తేడా ఇది. అయితే అన్ని అక్షరాలకూ తలకట్టు ఉండదు. ఖ, జ, ట, ణ, బ, ల వంటి వాటికి తెలుగులోనూ లేదు, కన్నడలోనూ లేదు. అవి రెండు లిపుల్లోనూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. గుడి, ఎత్వం, ఒత్వం లాంటివి చేరినప్పుడు ఉన్న తలకట్టు కూడా పోతుంది. పైగా బోర్డు రాసే పెయింటర్ కుంచె తన ఇష్టం వచ్చినట్టు పోతుంది, టిక్కును సాగదీసి గీతలా చేసేవారూ ఉంటారు. తలకట్టు మంచి గుర్తే కానీ, దాని ఒక్కదాని మీద లేఖ రాయకూడదు.

ఇంతకంటే నమ్మకమైన గుర్తులు అక్షరం కుడి పక్కన ఉంటాయి. తెలుగులో కీ, కే, కో అని రాసినప్పుడు దీర్ఘం అక్షరం తల దగ్గరే తేలిపోతుంది. కన్నడలో ఈ మూడింటికీ హ్రస్వ రూపం రాసి, దాని కుడి పక్కన ఒక మెలిక గుర్తును విడిగా నిలబెడతారు. అది దాదాపు అక్షరం ఎత్తే ఉంటుంది, ఖాళీలో ఒంటరిగా కనిపిస్తుంది. నేటి తెలుగు రాతలో అలాంటిది లేదు. కంప్యూటర్ లిపి సంకేతాల్లోనూ ఈ తేడా అలాగే నమోదైంది. కన్నడ దీర్ఘ ‘ఏ’ గుర్తు యూనికోడ్‌లో హ్రస్వం, దీర్ఘపు గుర్తు అనే రెండు ముక్కలుగా విడిపోతుంది, తెలుగు ‘ఏ’ గుర్తు విడిపోదు.

రెండోది రకారపు పొల్లు. ‘కర్ణాటక’ అని తెలుగులో రాస్తే ర పైన ఉండి, ణ దాని కింద ఒత్తుగా వస్తుంది. కన్నడలో ఆ ర్ శబ్దం తర్వాతి అక్షరానికి కుడి పక్కకు వెళ్లి, తెలుగు అంకె ౯ని పోలిన గుర్తుగా నిలుస్తుంది. వాళ్లు దాన్ని అర్కావొత్తు అంటారు. తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త కాదు. పాత తెలుగు పుస్తకాల్లో వలపలగిలక పేరుతో ఇదే ఉండేది, వాడుకలోంచి తప్పుకుంది. కాబట్టి శిలాఫలకం మీదో, పాతకాలపు గుడి గోడ మీదో కనిపిస్తే అది కన్నడ అని తీర్మానించకూడదు. ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద కనిపిస్తే మాత్రం కన్నడే.

ఒక ఊహాజనితమైన ఫొటోతో దీన్ని చూడవచ్చు. కూలీ భుజం వెనక దుకాణం బోర్డు, దాని మీద రెండు మాటలు. అవి ‘జనరల్ స్టోర్స్’ అనుకుందాం. తెలుగు నేల మీదా, కర్ణాటకలోనూ వీధికొకటి కనిపించే మాటలే. మొదటి మాటలో జ, ల సాయపడవు, రెండు లిపుల్లోనూ వాటి ఆకారం ఒకటే. న, ర నెత్తిన ఉన్నవి టిక్కులా అడ్డ గీతలా అన్నది చూడాలి. ఫొటో మసకగా ఉంటే అది కూడా తేలకపోవచ్చు. అసలు సాక్ష్యం రెండో మాటలో ఉంది. ‘స్టో’ పక్కన విడి మెలిక ఉంటే కన్నడ, ఓత్వం తల మీదే ముగిస్తే తెలుగు. ‘ర్స్’ దగ్గర ర కనబడి దాని కింద స ఒత్తు ఉంటే తెలుగు. స కనబడి దాని కుడి పక్కన ౯ లాంటి గుర్తు ఉంటే కన్నడ. బోర్డు పైభాగం ఫొటోలో తెగిపోయి తలకట్లు కనబడకపోయినా ఈ రెండూ మిగులుతాయి.

ఒక జాగ్రత్త తప్పదు. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసిన ఫొటోను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి దాస్తాయి. అప్పుడు కుడి పక్క గుర్తు ఎడమకు పోతుంది, ఏ లిపీ చదవడానికి రాదు. బోర్డు మీది ఫోన్ నంబరు అంకెలు తిరగబడి ఉన్నాయేమో ముందే చూసుకుని, ఉంటే ఫొటోను తిప్పాలి.

ఫొటోలోది తెలుగు అని తేలిందనుకుందాం. రాయ్‌పూర్‌లో చాలామంది ఇక్కడ ‘అయితే ఆంధ్రా’ అనేస్తారు. తెలంగాణ ఏర్పడి పదేళ్లు దాటినా ఈ అలవాటు పోలేదు. తెలుగు బోర్డు ఆ రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉండవచ్చు. ఒడిశాలోని రాయగడలో, మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ వైపు, కర్ణాటకలోని బళ్లారిలో కూడా కనిపిస్తుంది. కన్నడ బోర్డుదీ ఇదే కథ. కేరళలోని కాసరగోడులో, ఆంధ్రలోని మడకశిర పరిసరాల్లో కన్నడ చదివేవారున్నారు. రాయ్‌పూర్ స్టేషన్‌లోనే విశాఖ రైలు పక్కన నిలబడి ఫొటో దిగిన మనిషి వెనక కూడా తెలుగు పలక ఉంటుంది మరి. లిపి చెప్పేది బోర్డును ఎవరు చదవాలని రాశారన్నది, అంతవరకే.

రాష్ట్రం తేల్చడానికి బోర్డు మీద లిపి కాని వాటిని వెతకాలి. పిన్‌కోడ్ ఉంటే అదృష్టం. 50తో మొదలైతే సాధారణంగా తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్రప్రదేశ్, 56 నుంచి 59 వరకు కర్ణాటక. ప్రభుత్వ పాఠశాల బోర్డు మీద గ్రామం, మండలం, జిల్లా వరసగా రాసి ఉంటాయి. ఆ ఒక్క బోర్డును ఫొటో తీసి పంపమని కూలీకి చెప్పగలిగితే మిగతా కసరత్తు అక్కర్లేదు. వాహనాల నంబర్లు అంత నమ్మదగినవి కావు. 2014కు ముందు రెండు తెలుగు రాష్ట్రాల బళ్లకూ AP అనే ఉండేది. తర్వాత తెలంగాణకు TS వచ్చింది, 2024 నుంచి కొత్త బళ్లకు TG ఇస్తున్నారు. అంటే పాత AP బండి ఖమ్మంలో నిలబడి ఉండటంలో వింతేమీ లేదు.

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, కొంటా మీదుగా దక్షిణానికి దిగే 30వ నంబరు జాతీయ రహదారి దగ్గర పిన్‌కోడ్ కూడా మోసం చేస్తుంది. కొంటా దాటగానే చింతూరు. ఆ మండలం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోది. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. కానీ పిన్‌కోడ్ మాత్రం ఇప్పటికీ 507తోనే మొదలవుతుంది. ముందుకు వెళితే భద్రాచలం పట్టణం తెలంగాణ, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్ర. ఆ కొన్ని కిలోమీటర్లలో లిపి మారదు, పిన్‌కోడ్ మొదటి అంకెలు మారవు, రాష్ట్రం మారిపోతుంది. మిరప కోతల కూలీలు వెళ్లేది ఎక్కువగా ఈ దారినే.

అలాంటి ఫొటో వచ్చినప్పుడు ‘తెలుగు లిపి, పిన్‌కోడ్ 507’ అని, దాన్ని ఏ గుర్తుల వల్ల అలా గుర్తించారో ఒక వాక్యంలో రాసి, ఫొటో జత చేసి, ఒకే రోజు రెండు రాష్ట్రాలకూ పంపడం సరైన పద్ధతి. ఏదో ఒక రాష్ట్రాన్ని ఊహించి, అక్కడి నుంచి ‘మా పరిధి కాదు’ అనే జవాబు వచ్చాక రెండో దానికి రాయడం ఇప్పుడు తేలిగ్గా కనిపించే దారి. పంట కోతలు ముగిసి ముఠా మరో ఊరికి కదిలిపోతే, ఆ జవాబు వచ్చే నాటికి ఫొటోలోని దుకాణం దగ్గర వెతకడానికి ఎవరూ ఉండరు.