తేమ శాతం సరే, సంచిలోని గాలి మాటేమిటి?

గత వర్షాకాలంలో ఒక మహిళా సంఘం సభ్యులు తాము తయారుచేసిన పసుపు పొడి పొట్లాలను మా విభాగానికి తెచ్చారు. మొత్తం పొడిని కలిపి పరీక్షించగా తేమ 10 శాతమే ఉంది. పసుపు పొడికి మన ఆహార ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పరిమితి కూడా అదే. అయినా పొట్లాల పైభాగంలో గడ్డలు కట్టి, వాటి చుట్టూ బూజు కనిపించింది. మన కరపత్రాలు చెప్పిన అంకెను వారు పాటించారు; సరకు మాత్రం పాడయింది. ఇది వారి పొరపాటు కంటే మన సిఫారసులోని లోపమని నా అభిప్రాయం. నిల్వ గురించి మనం చెప్పే మాట తేమ శాతంతో మొదలై అక్కడే ముగుస్తున్నది.

బూజుకు కావలసినది సరకులో ఉన్న మొత్తం నీరు కాదు, తాను వాడుకోగలిగిన నీరు. దీనినే నీటి క్రియాశీలత అంటున్నాము. సరకును మూతబిగించిన పాత్రలో ఉంచితే, కొంతసేపటికి దానికీ లోపలి గాలికీ మధ్య సమతుల్యం ఏర్పడుతుంది. అప్పుడు ఆ గాలిలో ఉండే సాపేక్ష ఆర్ద్రతే దీనికి కొలమానం. అది 65 శాతం లోపు ఉంటే బూజు పెరుగుదల దాదాపు ఉండదు. 70 దాటితే పొడి పరిస్థితులను తట్టుకునే కొన్ని శిలీంధ్రాలు నెమ్మదిగా మొదలవుతాయి. వాటి శ్వాసక్రియ వల్ల వెలువడే నీరు, వేడి చుట్టూ ఉన్న సరకును మరింత తడి చేస్తాయి. ఇంచుమించు 80 శాతానికి చేరిన తరువాత అఫ్లాటాక్సిన్ ఉత్పత్తిచేసే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌కు దారి ఏర్పడుతుంది.

ఒకే తేమ శాతం అన్ని సరకులకూ ఒకే అర్థం ఇవ్వదు. వేరుశనగ పప్పులో దాదాపు సగం నూనే. నూనె నీటిని పట్టి ఉంచదు. ఉన్న నీరంతా మిగిలిన సగంలోనే ఉంటుంది కనుక పప్పును 7 శాతానికి ఆరబెట్టవలసి వస్తున్నది. పిండిపదార్థం అధికంగా ఉన్న పసుపు కొమ్ము 10 శాతం వద్ద కూడా నిలుస్తుంది. పైగా సుగంధద్రవ్యాలను ఓవెన్‌లో ఆరబెట్టి తూచినప్పుడు నీటితోపాటు ఆవిరయ్యే తైలం కూడా పోతుంది. అందుచేతనే వీటికి టోలుయీన్ స్వేదన పద్ధతిని వాడుతారు. ఆ సౌకర్యం మండల స్థాయిలో దొరకదు.

ఇక ఆ పొట్లాల విషయానికి వద్దాము. మర నుండి వచ్చిన పొడిని వేడి తగ్గకముందే పాలిథీన్ సంచులలో నింపి మూతివేశారు. వేడి పొడి నుండి లేచిన ఆవిరి చల్లని పైభాగాన నీటిబిందువులై మళ్లీ పొడిలోకే దిగింది. సగటు 10 శాతమే. పై పొర మాత్రం తడి. పొడిని పలుచగా పరచి, గది ఉష్ణోగ్రతకు చల్లారిన వెంటనే, ఆర్ద్రత తక్కువగా ఉన్న మధ్యాహ్నవేళ నింపి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

కొమ్ముల విషయంలో చిక్కు వేరు. దుగ్గిరాల, నిజామాబాదు ప్రాంతాలలో వేసవిలో చక్కగా ఎండిన కొమ్ములు గోనెసంచులలో ఆగస్టు వరకు ఉంటే, వానగాలి నుండి మళ్లీ తేమను పీల్చుకుంటాయి. దీనిని కాటాతోనే పసిగట్టవచ్చు. 10 శాతం తేమ ఉన్న 50 కిలోల కొమ్ములలో పొడి పదార్థం 45 కిలోలు. తేమ 12 శాతానికి చేరితే బరువు 51.1 కిలోలు, 14 శాతానికి చేరితే 52.3 కిలోలు అవుతుంది. ఒక సంచికి గుర్తుపెట్టి నెలకొకసారి తూచితే, ఒక కిలో పెరుగుదలే తగినంత హెచ్చరిక. లోపల పాలిథీన్ పొర ఉన్న సంచిని, నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా ఉంచడం ఈ పెరుగుదలను అడ్డుకుంటుంది. అయితే సరిగా ఎండని కొమ్ములను అదే సంచిలో వేస్తే తేమ బయటికి పోలేక నష్టం రెట్టింపవుతుంది.

అందువలన ప్రతి విస్తరణ కార్యకర్త చేతిలో చిన్న డిజిటల్ హైగ్రోమీటరు ఉండాలని నా ప్రతిపాదన. గాలి చొరని సీసాలో మూడింట రెండు వంతులు నమూనా నింపి, పైన హైగ్రోమీటరు ఉంచి మూతబిగించి నీడలో పెట్టాలి. పొడికి మూడు నాలుగు గంటలు, కొమ్ములకు ఒక రోజు సమయం ఇవ్వాలి. 65 లోపు ఉంటే నిల్వ చేయవచ్చు. 65 నుండి 70 వరకు ఉంటే మళ్లీ ఆరబెట్టాలి లేదా త్వరగా అమ్మాలి. 70 దాటితే సంచి కట్టనే కూడదు. పరికరం నమ్మదగినదా అని తెలుసుకోవడానికి నీటితో ముద్దగా తడిపిన ఉప్పుతోపాటు మూసిన సీసాలో ఒక రాత్రి ఉంచితే అది 75 చూపాలి. ఎంత తేడా ఉంటే అంత సవరించుకోవాలి.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉన్నది. ఇది రాబోయే బూజును చెబుతుంది, ఇదివరకే చేరిన విషాన్ని చెప్పదు. బూజు దులిపి ఎండబెట్టినంత మాత్రాన అఫ్లాటాక్సిన్ పోదు. వంట వేడికీ అది నశించదు. బూజుపట్టిన మిరపకాయలను మంచివాటితో కలిపి దంచితే, ఏరివేయగలిగిన విషం పొడి అంతటా పంచబడుతుంది. ఏరివేత పొడి చేయడానికి ముందే జరగాలి.

గానుగ నూనె విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. వేరుశనగలోని అఫ్లాటాక్సిన్‌లో అధికభాగం చెక్కతో పోతుంది. కొంత భాగం నూనెలో తేలాడే సన్నని మడ్డితోపాటు మిగులుతుంది. శుద్ధి కర్మాగారంలో క్షారంతో చేసే ప్రక్రియ దానిని తొలగిస్తుంది, గానుగలో ఆ దశ లేదు. కనుక ముడుచుకుపోయిన, రంగు మారిన, పురుగు తొలిచిన పప్పును గానుగకు ముందే ఏరివేయడం తప్ప మార్గం లేదు. ఆ పప్పును పశువుల దాణాకు మళ్లించడం పరిష్కారం కాదు, ఆ విషం పాలలోకి చేరుతుంది.

నూనె ముక్కిపోవడానికి మాత్రం కారణాలు వేరు. మడ్డిలోని నీరు, ఎంజైములు నూనెను విడగొడతాయి. గాలి, వెలుతురు, రాగి, ఇనుము దానిని ఆక్సీకరణం చెందిస్తాయి. నూనెను మూతగల స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలో రెండు మూడు రోజులు తేరనిచ్చి, పైతేటను వడకట్టి, తడిలేని పాత్రలలో అంచువరకు నింపి చీకటిలో ఉంచాలి. పాత నూనె అడుగున ఉన్న డబ్బాలో కొత్త నూనె పోయకూడదు. పాతదానిలోని పెరాక్సైడులు కొత్తదానిని వేగంగా చెడగొడతాయి. పెరాక్సైడులకు వాసన ఉండదు, కనుక వాసన తెలిసేసరికి చెడు చాలా దూరం సాగి ఉంటుంది.

మన కరపత్రాలలో తేమ శాతం పక్కనే సమతుల్య ఆర్ద్రత 65 అన్న అంకెను చేర్చుదాము. విద్యార్థుల ప్రయోగ పుస్తకంలో హైగ్రోమీటరు సీసాకు ఒక పుట కేటాయిద్దాము. ఆ సంఘం సభ్యులు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "అంకె సరిపోయింది కదండీ, మరి ఎందుకు బూజుపట్టింది?" ఆ ప్రశ్న మళ్లీ వినవలసిన అవసరం రాకూడదు.