ఒంటి చేత్తో ఫుట్‌బాల్

"అన్నా, కావాలనే నన్ను గెలిపిస్తున్నావు కదా?"

మా పిన్ని కొడుకు ఆ మాట అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. నిజంగానే కావాలని ఓడిపోతున్నాను మరి. వాడు కంట్రోలర్‌ని పక్కన పెట్టి, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు మా ఇంటికి వచ్చినా టీవీ ఉన్న గదిలోకి రాలేదు.

అంతకు ముందు ఎక్స్‌బాక్స్ ఫుట్‌బాల్‌లో వాణ్ని నేను ఒక్కసారి కూడా గెలవలేదు. బండి మీద నుంచి పడ్డప్పుడు ఎముకలన్నీ అతుక్కున్నాయి గానీ, మెడ నుంచి కుడి చేతికి వెళ్లే నరాలు తెగిపోయాయి. చెయ్యి ఉంది, పని చేయదు. మామూలు కంట్రోలర్ రెండు చేతుల కోసం చేసిన వస్తువు. ఎడమ బొటనవేలు ఆటగాణ్ని నడిపిస్తుంటే కుడి చెయ్యి పాస్, షాట్, పరుగు అన్నీ చూసుకోవాలి. వాడు దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఒకే చెయ్యి అటూ ఇటూ మారుస్తూ ఆడేవాడు. షాట్ కొట్టడానికి చెయ్యి అటు వెళ్లేసరికి ఇక్కడ ఆటగాడు ఆగిపోయేవాడు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, సెటప్ సంగతి నేను చూసుకుంటానన్నాను. డాలస్ నుంచి వస్తున్న ఫ్రెండ్ చేత ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెప్పించాను. 2018లో వచ్చిన వస్తువు, ధర 100 డాలర్లు. దాదాపు అడుగు పొడవున్న పలక. పైన అరచేయంత బటన్లు రెండుంటాయి. అసలు సంగతి వెనకాల ఉంది: వరసగా 19 రంధ్రాలు, పాతకాలం ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే 3.5 ఎం.ఎం. సాకెట్లు. కంట్రోలర్ మీద ఉండే ఒక్కో బటన్‌కీ ఒక్కో సాకెట్. దేంట్లో స్విచ్ గుచ్చితే ఆ స్విచ్ ఆ బటన్ అయిపోతుంది. దాన్ని కాలితో నొక్కినా, మోకాలితో నొక్కినా, తలతో నొక్కినా ఆటకి తేడా తెలియదు.

ఇంకో సదుపాయం కన్సోల్‌లోనే ఉంది. రెండు కంట్రోలర్లను కలిపి ఒకే ఆటగాడి కంట్రోలర్‌గా చూపిస్తుంది. మొదట్లో కోపైలట్ అనేవాళ్లు, ఇప్పుడు కంట్రోలర్ అసిస్ట్ అంటున్నారు. అంటే తమ్ముడు ఎడమ చేత్తో మామూలు కంట్రోలర్ పట్టుకోవచ్చు, మిగతా పని కింద ఉన్న పలక చూసుకుంటుంది.

ఇక స్విచ్‌లు. ఇందుకోసమే తయారుచేసినవి కొనాలంటే ఒక్కోటీ వేలల్లో ఉంటుంది. కానీ లోపల ఉండేది రెండు తీగలే. నొక్కితే కలుస్తాయి, వదిలితే విడిపోతాయి. ఎలక్ట్రికల్ షాపులో కొత్త కాలింగ్ బెల్ స్విచ్‌లు కొని, మోనో పిన్నులకు సోల్డర్ చేశాను. ఒక తీగ పిన్ను కొసకి, ఇంకోటి మొదలుకి. లైటు స్విచ్ పనికిరాదు, ఒకసారి నొక్కితే అలాగే ఉండిపోతుంది. బెల్ స్విచ్ వదలగానే వెనక్కి వస్తుంది. గోడకున్న కరెంటు స్విచ్ మాత్రం పొరపాటున కూడా వాడొద్దు.

మొదటి రోజు ఎనిమిది స్విచ్‌లు పెట్టాను. అన్నీ పని చేశాయి, ఆట మాత్రం సాగలేదు. స్ప్రింట్ అంటే పరుగు బటన్ కుడి కాలికిచ్చాను. ఆటలో సగం సేపు అది నొక్కే ఉంచాలి. పావుగంటకే పిక్క పట్టేసింది. షాట్ ఎడమ కాలికిచ్చాను. ఈ ఆటలో బటన్ ఎంతసేపు నొక్కి ఉంచితే బంతి అంత గట్టిగా వెళ్తుంది. కాలికి ఆ లెక్క అందదు. కొట్టిన ప్రతి షాటూ గోల్ పైనుంచి గ్యాలరీలోకే. పైగా ఎవరూ ఏమీ నొక్కకుండానే పాస్‌లు వెళ్లిపోతున్నాయి!

ఆ చివరి సమస్య నుంచి మొదలుపెట్టాను. పాస్ బటన్ పలక మీదున్న పెద్ద బటనే, కుడి కాలి కింద ఉంది. వెనకున్న పిన్నులన్నీ పీకేసి చూశాను. అయినా పాస్‌లు ఆగలేదు. అంటే తప్పు నా స్విచ్‌లది కాదు. పిన్ను పీకగానే ఆగి ఉంటే వైరునో సోల్డర్‌నో అనుమానించేవాణ్ని, మీటర్ పెట్టి చూసేవాణ్ని. కిందకి వంగి చూస్తే విషయం అర్థమైంది. పలక నేల కన్నా ఎత్తుగా ఉంది కాబట్టి పాదం బరువంతా బటన్ మీదే పడుతోంది. మడమ కింద దుప్పటి మడతపెట్టి పెట్టాం. బరువు మడమ మీదకి వెళ్లింది, వేళ్లు బటన్ మీద తేలాయి. దొంగ పాస్‌లు ఆగిపోయాయి.

మిగతాది వాడే తేల్చాడు. "అన్నా, నొక్కి పట్టుకునేవి నా వేళ్లకివ్వు. ఒక్క దెబ్బతో అయిపోయేవి కాళ్లకివ్వు." నేను బటన్లు లెక్కపెట్టాను గానీ, ఒక్కో బటన్ ఎలా నొక్కాలో ఆలోచించలేదు.

ఎక్స్‌బాక్స్ యాక్సెసరీస్ యాప్‌లో చేతిలోని కంట్రోలర్ ట్రిగర్లు రెండింటినీ తారుమారు చేశాం. దాంతో కుడివైపున్న పరుగు ఎడమ ట్రిగర్‌కి వచ్చింది, వాడి మధ్యవేలు కిందకి. దాని పైనున్న ఎడమ బంపర్‌ని షాట్ బటన్‌గా మార్చాం, అది చూపుడువేలికి. బంతి మన దగ్గర లేనప్పుడు అదే బటన్ ట్యాకిల్ కూడా. దానికీ టైమింగే ముఖ్యం కాబట్టి అదీ కలిసొచ్చింది. బంపర్ అసలు పని ఆటగాణ్ని మార్చడం. దానికి ఒక్క దెబ్బ చాలు. బంపర్ సాకెట్‌లో బెల్ స్విచ్ గుచ్చి ఎడమ కాలి కింద పెట్టాం. త్రూ బాల్ కుడి మోకాలికి, లాబ్ ఎడమ మోకాలికి, కుర్చీ కాళ్లకు కట్టిన స్విచ్‌లతో. పాస్ కుడి కాలికే ఉంచాం. దానికీ కొంత నొక్కే లెక్కుంది గానీ, ఆట సెట్టింగ్స్‌లో పాస్‌కి సాయం పెంచితే సరిపోయింది. ఎనిమిది స్విచ్‌ల్లో మిగిలినవి మూడే.

చేతిలోని కంట్రోలర్ జారకుండా ఒళ్లో దిండు పెట్టి, దానికి వెల్‌క్రో అంటించాం. ఒకే చెయ్యి బరువు మోస్తూ మూడు వేళ్లతో ఆడాలంటే మణికట్టు ఊరుకోదు.

పది రోజులు వాడొక్కడే కంప్యూటర్ టీమ్‌తో ఆడాడు. మోకాలు కదిపినప్పుడల్లా లాబ్ వెళ్లిపోతుంటే స్విచ్‌ని రెండు వేళ్ల దూరం జరిపాం. పదకొండో రోజు నన్ను పిలిచాడు. ఈసారి నేను నిజంగా ఆడాను. మొదటి రెండు మ్యాచ్‌లూ నావే. మూడోది వాడు 2-1తో కొట్టాడు. వంటింట్లోంచి పిన్ని తొంగిచూసి, "ఏంట్రా ఆ కేకలు?" అంది. వాడు నన్నేమీ అడగలేదు. నేను తిట్టుకున్న తీరు చూసే ఉంటాడు.

అన్నీ కుదిరిపోయాయని చెప్పను. కుడి స్టిక్‌తో చేసే డ్రిబ్లింగ్ విన్యాసాలు ఈ సెటప్‌లో లేవు. ప్లేస్టేషన్ ఉన్న ఇంటికెళితే ఈ పలక నేరుగా పనికిరాదు. దానికి 2023 డిసెంబర్‌లో వచ్చిన యాక్సెస్ కంట్రోలర్ కావాలి. దానికి ఉన్నవి నాలుగు సాకెట్లే, కానీ సైజు ఇదే. మా బెల్ స్విచ్‌లు అక్కడా పనికొస్తాయి.

ఇప్పుడు తుపాకుల ఆట ఆడతానంటున్నాడు. అందులో నడవడం ఒక స్టిక్, చూడటం ఇంకో స్టిక్, రెండూ ఒకేసారి తిప్పాలి. ఒక్క దెబ్బ స్విచ్‌లతో అయ్యే పని కాదు. పలక కుడి పక్కన ఉన్న యూఎస్‌బీ పోర్టు కుడి స్టిక్ కోసమే. అక్కడ చిన్న జాయ్‌స్టిక్ పెట్టి పాదంతో తిప్పించాలా, గడ్డంతోనా అన్నది తేలలేదు. ఆదివారం వస్తానన్నాడు. దుప్పటి కూడా తీసిపెట్టమన్నాడు.