పని ఇచ్చేవాడు డబ్బు అడగడు!



"ఇంట్లో కూర్చుని రోజుకు మూడు వేలు. రిజిస్ట్రేషన్ 999 మాత్రమే." ఇలాంటి మెసేజ్ ఈ నెలలో మీకు ఎన్నిసార్లు వచ్చిందో వాట్సాప్, టెలిగ్రామ్ తెరిచి ఒకసారి లెక్కపెట్టండి. మెస్ బిల్లు కట్టాల్సిన వారంలో అది చూస్తే మనసు లాగుతుంది. నాకూ లాగింది. డిగ్రీ రెండో ఏడాదిలో డేటా ఎంట్రీ పని అని నమ్మి 1,500 రూపాయలు కట్టాను. ఏడు రోజుల్లో ఫారాలు నింపాలన్నారు, నూటికి తొంభై సరిగ్గా ఉండాలన్నారు. ఒప్పందం మీద సంతకం, ఆధార్ కాపీ తీసుకున్నారు. రాత్రింబవళ్లు కూర్చుని పూర్తి చేస్తే "తప్పులున్నాయి, జరిమానా 5,800 కట్టండి, లేకపోతే కోర్టు నోటీసు" అని ఒక కాగితం వాట్సాప్‌లో పంపారు. ఇంట్లో చెప్పలేక మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజు ఒక లాయర్ గారికి చూపిస్తే, ఆ కాగితం మీద కేసు నంబరే లేదని ఆయన చూపించారు. బెదిరించి వాట్సాప్‌లో యూపీఐ నంబరు ఇచ్చే కోర్టు ఎక్కడా ఉండదని కూడా చెప్పారు.

ఆ రోజు నాకు అర్థమైన సంగతి ఒక్కటే. పని అవసరమైనవాడి నుంచి పని చేసినవాడికి డబ్బు వస్తుంది. అది ఎదురు తిరిగి మన జేబులోంచి పోతోందంటే అక్కడ పనే లేదు. అక్కడ మనమే సరుకు.

మోసాన్ని ఎలా గుర్తుపట్టాలి?

ఎక్కువమంది పడే గుంట టెలిగ్రామ్ "టాస్క్". వీడియోకు లైక్ కొడితే, హోటల్‌కు రివ్యూ రాస్తే 150 రూపాయలు అంటారు. మొదటిరోజు ఆ డబ్బు నిజంగానే పడుతుంది. ఆ 150 వాళ్లు వేసిన ఎర. మర్నాడు "ప్రీపెయిడ్ టాస్క్" అని వెయ్యి కట్టమంటారు, పదమూడు వందలు తిరిగి ఇస్తారు. ఆ తర్వాత ఐదు వేలు, ఆపైన ఇరవై వేలు. స్క్రీన్ మీద మీ బ్యాలెన్సు పెరుగుతూనే ఉంటుంది. తీసుకోబోతే మాత్రం "ముందు పన్ను కట్టండి" అంటారు. పడిన డబ్బును కాదు, అడిగిన డబ్బును చూడండి. అడిగిన మొదటి రూపాయి దగ్గరే బయటికి వచ్చేయండి.

రెండోది దీనికన్నా ప్రమాదం. "మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, నెలకు ఇంత ఇస్తాం" అంటారు. వేరేవాళ్ల దగ్గర దోచిన సొమ్ము ఆ ఖాతా మీదుగా పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. ఏటీఎం కార్డు, సిమ్, ఓటీపీ ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఇవ్వకండి.

ఇప్పటికే డబ్బు పోయిందా? సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు రాయండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే చెబితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. గంట గంటకూ ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఫైవర్ సైటు కూడా డబ్బు తీసుకుంటుంది. అయితే అమ్మకందారుగా ఖాతా తెరవడానికి కాదు, వచ్చిన సంపాదనలోంచి 20 శాతం కోసుకుంటుంది. వెయ్యి రూపాయల పని చేస్తే ఎనిమిది వందలు మనకు వస్తాయి. ఇది సంపాదన మీద కోత. పని మొదలుకాకముందే అడిగేది మాత్రం వల.

మరి నిజమైన పని ఏది?

మేం ఈ శనివారం పెడుతున్న సభలో పది దారులు చెప్పి పంపించం. ఒక్క పనిని చేసి చూపిస్తాం. అది తెలుగు వీడియోలకు సబ్‌టైటిల్స్ రాయడం. నేను మూడేళ్లుగా చేస్తున్న పని ఇది. దీనికి కావలసిన పెట్టుబడి మన దగ్గర ముందే ఉంది: తెలుగు వినే చెవి, తప్పుల్లేకుండా రాసే చెయ్యి, కాలేజీ ల్యాబులో కంప్యూటరు. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉచితం. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఫోన్ మీద మాత్రం ఈ పని సాగదు. అక్షరాలను క్షణాలతో సరిచూడటానికి పెద్ద తెర కావాలి.

వంటల ఛానళ్లు, వ్యవసాయం చెప్పేవాళ్లు, పాఠాలు చెప్పే మాస్టార్లు ఇలాంటివి రాయించుకుంటారు. బస్సులో శబ్దం లేకుండా చూసేవాళ్లున్నారు. వినికిడి లేనివాళ్లున్నారు. ఇంగ్లీషులో కూడా రాసిస్తే అమెరికాలో పుట్టి తెలుగు తడబడే మనవాళ్ల పిల్లలు కూడా అమ్మమ్మ వంట నేర్చుకోగలరు.

సబ్‌టైటిల్ ఫైలు అంటే ఇంతే:

```
1
00:00:04,200 --> 00:00:07,000
ముందుగా అర కిలో గోంగూర
కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాలి

2
00:00:07,300 --> 00:00:10,100
తడి ఉంటే పచ్చడి
నాలుగు రోజులు కూడా ఉండదు
```

మొదట వరుస సంఖ్య, తర్వాత మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, కింద రెండు పంక్తులకు మించకుండా ఆ మాట. ఒక్కో ముక్క తెర మీద కనీసం ఒక సెకను ఉండాలి, ఏడు సెకన్లు దాటకూడదు. సెకన్ల తర్వాత వచ్చేది కామా, చుక్క కాదు. నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు `Encoding` దగ్గర `UTF-8` ఎంచుకోవాలి. `ANSI` ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. నేను పంపిన మొట్టమొదటి ఫైలు అలాగే వెళ్లింది. ఫైలు పేరు చివర `.srt` ఉండాలి. `Save as type` లో `All files` అనకపోతే అది `.srt.txt` అయి కూర్చుంటుంది.

చెయ్యి తిరిగినకొద్దీ చెవి పని తెలుస్తుంది. వీడియోలో వంట చేసే అమ్మ "తిరగమోత" అంటే మనం "తాలింపు" అని దిద్దకూడదు. ఆమె ఊరి మాట ఆమెకే ఉండాలి. "అదీ... ఏంటంటే..." లాంటి ఊతపదాలు మాత్రం తీసేయొచ్చు. కొలత వినపడకపోతే ఊహించి రాయకండి. ఆ నిమిషం, సెకను రాసుకుని అడగండి. చెంచా కారం అన్న చోట గరిటె అని పడితే చూసినవాళ్ల కూర పాడవుతుంది, మనకు మళ్లీ పని రాదు.

పని ఎలా అడగాలి?

చిన్న, మధ్యరకం ఛానల్ ఒకటి ఎంచుకోండి. వాళ్ల వీడియోలో మొదటి రెండు నిమిషాలకు మాత్రం సబ్‌టైటిల్స్ రాయండి. ఛానల్ వివరాల్లో ఈమెయిల్ ఇచ్చి ఉంటే దానికి ఇలా పంపండి:

"నమస్కారమండీ. నేను డిగ్రీ విద్యార్థిని. మీ గోంగూర పచ్చడి వీడియోలో మొదటి రెండు నిమిషాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసి దీనితో పంపుతున్నాను. ఇవి మీరు ఉచితంగా వాడుకోవచ్చు. నచ్చితే మిగతా వీడియోకు నిమిషానికి ఇంత చొప్పున నాలుగు రోజుల్లో రాసిస్తాను."

రెండు నిమిషాలు చాలు. "పరీక్ష కోసం మొత్తం వీడియో చేసి చూపించు" అంటే వద్దని చెప్పండి. అది పరీక్ష కాదు, ఊరికే చేయించుకోవడం. ఒప్పుకున్నాక నిమిషాలు, ధర, తేదీ, ఎన్నిసార్లు దిద్దిపెడతారో మెసేజ్‌లో రాసుకోండి. సగం ముందు తీసుకోండి, మిగతాది ఫైలు ఇచ్చినప్పుడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. "ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బు పడుతుంది" అంటే ఫోన్ పెట్టేయండి. ఛానల్ పాస్‌వర్డ్ మీరు అడగొద్దు, వాళ్లు ఇచ్చినా తీసుకోవద్దు. యూట్యూబ్ స్టూడియోలో `Settings` కింద `Permissions` లో సబ్‌టైటిల్స్ వరకే అనుమతి ఇచ్చే వీలుంది. అది వాళ్లకు తెలియకపోతే ఫైలు పంపండి, వాళ్లే ఎక్కించుకుంటారు.

ఎంత వస్తుంది?

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పన్నెండు నిమిషాల వంట వీడియోకు నాకు మొదటిసారి ఐదు గంటలు పట్టింది. విని టైపు చేయడానికి మూడున్నర, సమయాలు సరిచేయడానికి గంట, మొదటి నుంచి మళ్లీ చూడటానికి అరగంట. నిమిషానికి 40 చొప్పున 480 వచ్చింది. అంటే గంటకు 96 రూపాయలు. ఐదో వీడియోకు అదే పని మూడు గంటల్లో అయింది, గంటకు 160. ధర మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఈ లెక్కే వేసుకోండి. "నిమిషానికి ఎంత" అనేది వీడియో నిమిషం, మీ నిమిషం కాదు. నిమిషానికి పది అంటే పన్నెండు నిమిషాలకు 120 వస్తుంది. ఐదు గంటలతో భాగిస్తే గంటకు 24. అలాంటి పని ఒప్పుకోకండి.

వారానికి రెండు వీడియోలు దొరికితే నెలకు 3,840. మెస్ బిల్లులో కొంత, బస్ పాసు గడుస్తాయి. కాలేజీ ఫీజు గడవదు. అసలు పని దొరకని నెలలూ ఉంటాయి. నేను మొదట ఇరవై ఈమెయిళ్లు పంపితే ఇద్దరు జవాబిచ్చారు, ఒక్కరు పని ఇచ్చారు. ఆ ఒక్కరే తర్వాత మరో ఇద్దరికి నా పేరు చెప్పారు. పరీక్షల నెలలో పని ఒప్పుకోకండి. మాట తప్పితే ఆ పేరు పోతుంది.

శనివారం సభకు రండి!

ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు, మన కాలేజీ కంప్యూటర్ ల్యాబులో. ప్రవేశం ఉచితం, పేరు నమోదు కూడా అక్కర్లేదు. మొదటి అరగంట మీ ఫోన్లకు వచ్చిన "పని" మెసేజ్‌లు అందరం కలిసి చదివి, డబ్బు ఎటు పోతోందో ఒక్కోదాన్నీ తేలుద్దాం. మిగతా గంటన్నర మీ చేతులతో ఒక సబ్‌టైటిల్ ఫైలు తయారవుతుంది. వచ్చే ముందు ఇంట్లో అమ్మ వంట చేస్తుంటేనో, నాన్న పొలం గురించి చెబుతుంటేనో రెండు నిమిషాల వీడియో తీసుకురండి. ఇంటికి వెళ్లేటప్పటికి, ఛానళ్లకు చూపించడానికి మీ మొదటి నమూనా అదే అవుతుంది.

డబ్బు కట్టి మోసపోయిన స్నేహితులుంటే వాళ్లను తప్పకుండా వెంట తీసుకురండి. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు, నేనూ అక్కడి నుంచే వచ్చాను. ఫిర్యాదు రాయడానికి పక్కన కూర్చుంటాం.

జేబులో డబ్బు తేవద్దు. ఇయర్‌ఫోన్లు తెండి.

ఇట్లు,
మీ కాలేజీ విద్యార్థి క్లబ్ తరఫున
ఒక పూర్వ విద్యార్థి

(చదివాక పారేయకండి. పక్క బెంచీవాళ్లకు ఇవ్వండి.)