నంబరు మనతో వస్తుంది, సంభాషణ రాదు

మొబైల్ నంబరు మారకుండానే కంపెనీ మార్చుకునే సౌకర్యం దేశమంతటా 2011 జనవరి 20న మొదలైంది. సిగ్నల్ అందకపోయినా, బిల్లు వాచిపోయినా ఆ నంబరుతోనే ఇంకో కంపెనీకి వెళ్లిపోవచ్చు. అదే ఫోనులో పొద్దస్తమానం వాడే చాటింగ్ యాప్ దగ్గర మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. 2021 జనవరిలో వాట్సాప్ గోప్యతా విధానం మీద గొడవ లేచినప్పుడు జనం సిగ్నల్, టెలిగ్రామ్ యాప్‌లకు ఎగబడ్డారు. 2025లో జోహో వారి అరట్టై మీదా అలాంటి మోజే కనిపించింది. కొత్త యాప్ వేసుకున్నవారు కూడా పాతదాన్ని తీసెయ్యడానికి జంకుతారు. చుట్టాలూ స్నేహితులూ అక్కడే ఉన్నారన్నది ఒక కారణం. అక్కడ పోగుపడిన మాటలు వెంట రావన్నది రెండో కారణం. మొదటిదానికి ఎవరినీ తప్పుపట్టలేం. రెండోది మాత్రం కంపెనీలు చేసిన ఏర్పాటు. అవి మనకు ఇచ్చేది చదువుకోవడానికి పనికొచ్చే నకలే గానీ, మరోచోట వాడుకోవడానికి పనికొచ్చే సరుకు కాదు.

మంగళగిరిలో చేనేత చీరలను వాట్సాప్ బిజినెస్ మీద అమ్ముకునే ఒక దుకాణం ఉందనుకుందాం. యజమానురాలు టెలిగ్రామ్‌కు మారాలనుకున్నారు. వాట్సాప్‌లో ఒక్కో చాట్ తెరిచి `Export chat` నొక్కాలి. అన్నీ ఒకేసారి తీసుకునే దారి లేదు. ఫొటోలతో సహా కావాలంటే చివరి 10,000 సందేశాల వరకే వస్తాయి, అక్షరాలు చాలనుకుంటే 40,000 వరకు. చేతికొచ్చేది మామూలు టెక్స్ట్ ఫైలు. ఫొటోలు వద్దనుకుని తీసుకుంటే అందులో ఒక బేరం ఇలా కనబడుతుంది:

```
03/08/2025, 6:12 pm - దుకాణం: <Media omitted>
03/08/2025, 6:12 pm - దుకాణం: <Media omitted>
03/08/2025, 6:20 pm - లక్ష్మి గారు: ఇదే ఖాయం చేయండి
```

కొనుగోలుదారు ఒక ఫొటోను పట్టుకుని దానికి జవాబుగా ‘ఇదే’ అన్నారు. ఏ ఫొటోకు జవాబిచ్చారో ఫైలులోకి రాలేదు. ఫొటోలతో కలిపి తీసుకున్నా చీరలు రెండూ కనబడతాయి గానీ, ఏది ఖాయమైందో తేలదు. తేదీ సంగతీ అంతే. ఫోనులో పెట్టుకున్న పద్ధతిని బట్టి తేదీ అచ్చవుతుంది కనుక 03/08 అంటే ఆగస్టు మూడా, మార్చి ఎనిమిదా అన్నది ఆ ఒక్క వరుస చూసి చెప్పలేం. చదివే మనిషి ముందూ వెనకా చూసి పోల్చుకుంటాడు, యాప్ పొరపడవచ్చు. నక్షత్రం గుర్తు పెట్టి దాచుకున్న సందేశాలు, ఎమోజీలతో పెట్టిన స్పందనలు ఆ ఫైలులో ఉండవు.

ఈ ఫైలును లోపలికి తీసుకునే ఏర్పాటు టెలిగ్రామ్ 2021 జనవరి చివర్లో తెచ్చింది. ఎగుమతి చేసేటప్పుడు పంచుకునే జాబితాలో టెలిగ్రామ్‌ను ఎంచుకుంటే చాలు. వచ్చిన సందేశాలు దిగుమతి చేసిన రోజు కిందే చేరతాయి, అసలు తేదీ మాత్రం పక్కన కనిపిస్తుంది. అయితే అవి మనకొక్కరికే కాదు, ఆ చాట్‌లో ఉన్న అవతలివారికీ కనిపిస్తాయి. పైగా అవతలి మనిషి టెలిగ్రామ్‌లో ఉండాలి, ఇద్దరి ఫోనుల్లోనూ ఒకరి నంబరు ఒకరికి ఉండాలి. చీర కొనుక్కుని వెళ్లిపోయిన మనిషి దుకాణం నంబరును పేరు పెట్టి దాచుకుని ఉంటుందా? కొత్త యాప్ తలుపు తీసినా, ఎక్కువ పాతచాట్లు గడప దాటవు.

మాటల కంటే అన్యాయమైపోయేవి మనం ఏళ్ల తరబడి చేసుకున్న అమరికలు. పండుగ సరుకు వచ్చిందని ఒకేసారి కబురు పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలు, డబ్బు రావలసినవారికీ ఇచ్చేసినవారికీ వేరుగా తగిలించిన లేబుళ్లు, ధర అడిగిన ప్రతివారికీ పంపే సిద్ధం చేసుకున్న జవాబులు, మూగపరిచిన గ్రూపులు, దూరం పెట్టిన నంబర్లు. దుకాణానికి ఇదే అసలు ఖాతా పుస్తకం. టెక్స్ట్ ఫైలులో వీటిలో ఒక్కటీ లేదు. సెట్టింగ్స్‌లో `Request account info` నొక్కితే సుమారు మూడు రోజులకు ఒక నివేదిక వస్తుంది. గ్రూపుల పేర్లు, బ్లాక్ చేసిన నంబర్లు, కొన్ని సెట్టింగులు అందులో ఉంటాయి, సందేశాలు ఉండవు. అంటే మాటలు ఒక మూటలో, అమరికల్లో కొన్ని ఇంకో మూటలో, మిగిలినవి ఎక్కడా లేకుండా బయటికొస్తాయి.

గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉందిగా, భయమెందుకు అని అడగవచ్చు. ఆ బ్యాకప్‌ను తెరవగలిగేది వాట్సాప్ ఒక్కటే. ఫోను పోతే అక్కరకొస్తుంది గానీ, యాప్ మారితే రాదు. పాత యాప్‌ను అలాగే ఉంచుకుంటే సరిపోదా అన్నది ఇంకో మాట. వాడకుండా వదిలేస్తే సాధారణంగా 120 రోజులకు ఖాతాను తొలగిస్తామని వాట్సాపే చెబుతోంది. ఎన్‌క్రిప్షన్ ఉన్నందువల్ల సందేశాలు బయటికివ్వడం కుదరదన్న వాదన కూడా నిలవదు. మన ఫోనులో తాళం తీసి కనబడుతున్న మాటల నుంచే ఇప్పటి ఎగుమతి జరుగుతోంది. అదే చోట, జవాబు ఏ సందేశానికో, తేదీ ఏ పద్ధతిలోదో కలిపి రాయడానికి తాళం అడ్డు రాదు.

బరువైన అభ్యంతరం ఒకటుంది. సంభాషణలో సగం అవతలివారిది. వారిని అడగకుండా వారి మాటలను మరో కంపెనీకి మోసుకెళ్లే హక్కు మనకెక్కడిది? ప్రశ్న న్యాయమైనదే. 2025లో వాట్సాప్ తెచ్చిన అదనపు చాట్ గోప్యత సెట్టింగును పెట్టుకుంటే ఆ చాట్‌ను ఎవరూ ఎగుమతి చేయలేరు. అలా కాదన్నవారి మాట మన్నించాల్సిందే. కానీ కాదనని చాట్లలో ఇప్పటికే ఇద్దరి మాటలూ ఆ టెక్స్ట్ ఫైలులో పడుతున్నాయి. ఫైలును అసంపూర్తిగా ఉంచినంత మాత్రాన అవతలివారికి దక్కే రక్షణ ఏమీ లేదు, పాత కంపెనీకి దక్కే లాభం తప్ప. ఇక లేబుళ్లు, జాబితాలు, సిద్ధం చేసుకున్న జవాబులు పూర్తిగా మనం రాసుకున్నవి. వాటి విషయంలో ఆ అభ్యంతరానికే చోటు లేదు.

మన చట్టం ఈ సమస్య దాకా వచ్చి వెనక్కి తగ్గింది. వ్యక్తిగత డేటా రక్షణ మీద శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ మన సమాచారాన్ని యంత్రం చదవగల రూపంలో తీసుకుపోయే హక్కు ఉంది. 2023లో చట్టమై వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అది లేదు. మన గురించి ఏ సమాచారం ఉందో సారాంశం అడిగే హక్కు మాత్రం మిగిలింది. ఐరోపాలో తీసుకుపోయే హక్కు 2018 నుంచే అమల్లో ఉంది. ఆ వదిలేసిన హక్కును పార్లమెంటు తిరిగి చేర్చాలి. మనం పెట్టుకున్న అమరికలు కూడా అందులోకి వస్తాయని విడిగా రాయాలి. అది జరిగేదాకా యాప్ మార్చాలనుకునేవారు ముఖ్యమైన ప్రతి చాట్‌నూ ఫొటోలతో ఒకసారి, లేకుండా ఒకసారి తీసుకోండి. ఖాతా నివేదిక అడగండి. జాబితాలనూ లేబుళ్లనూ కాగితం మీద రాసుకోండి. ఇవన్నీ చేతికొచ్చి, తెరిచి చూసుకున్నాకే పాత ఖాతా తీసెయ్యండి.