యులిప్ స్టేట్‌మెంట్‌లో మోర్టాలిటీ ఛార్జీ లెక్క కూడా చూపించండి

ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి,

యులిప్ స్టేట్‌మెంట్‌లో చాలామంది ఫండ్ విలువే చూస్తారు. యూనిట్ల సంఖ్య కూడా చూడాలి. ఉదాహరణకు 50,000 రూపాయల ప్రీమియంలో 4 శాతం అలకేషన్ ఛార్జీ పోతే, మిగిలిన 48,000కి 20 రూపాయల ఎన్‌ఏవీ చొప్పున 2,400 యూనిట్లు వస్తాయి.

మోర్టాలిటీ ఛార్జీ మాత్రం నెలనెలా యూనిట్లనే తగ్గిస్తుంది. చాలా పాలసీల్లో దీన్ని బీమా మొత్తంలోంచి ఫండ్ విలువ తీసేసి లెక్కిస్తారు. పై ఉదాహరణలో బీమా 5 లక్షలైతే, 48,000 ఫండ్ విలువ పోను మిగిలిన 4,52,000పై పడుతుంది. వెయ్యికి ఏడాదికి 5 రూపాయలైతే నెలకు సుమారు 188 రూపాయలు, అంటే తొమ్మిదికి పైగా యూనిట్లు. మార్కెట్ పడితే ఫండ్ విలువ తగ్గి ఈ ఛార్జీ పెరుగుతుంది. యూనిట్లూ ఎక్కువ పోతాయి.

రద్దయిన యూనిట్ల పక్కనే ఆ నెల రేటు, ఏ మొత్తంపై లెక్కించారన్నది తెలుగులోనూ ముద్రించేలా బీమా సంస్థలను ఆదేశించండి.

ఇట్లు,
ఒక పాలసీదారు