పరీక్ష పేపరు రాజకీయం - 3: మొత్తాలు సరిపోయాయి, గడులు చూడండి



గత భాగం చదివి ఒక సీనియర్ మేస్టారు మెసేజ్ పెట్టారు. "అన్నిట్లో కులం వెతుకుతావేమిటయ్యా? బ్లూప్రింట్ అంటే లెక్క. ఏ యూనిట్‌కి ఎన్ని మార్కులు, ఏ స్థాయికి ఎన్ని మార్కులు, అంతే. లెక్కకి కులం ఉంటుందా?" అని.

ఉండదు మేస్టారూ. ఆ లెక్కనే మీతో కలిసి చేద్దామని ఈ భాగం రాస్తున్నాను.

కొత్త మిత్రుల కోసం ముందు నాలుగు ముక్కలు. ప్రశ్నపత్రం రాయడానికి ముందు ఒక పట్టిక గీస్తాం. అడ్డు వరసల్లో సిలబస్ యూనిట్లు, నిలువు వరసల్లో ఆలోచనా స్థాయిలు ఉంటాయి. ప్రతి గడిలో, ఆ యూనిట్ నుంచి ఆ స్థాయిలో ఎన్ని మార్కుల ప్రశ్న వస్తుందో రాస్తాం. అదే బ్లూప్రింట్. స్థాయిలనేవి బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో వేసిన వర్గీకరణ నుంచి వచ్చాయి. 2001లో దాన్ని సవరించారు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృజించడం అని ఇప్పుడు ఆరు మెట్లు. బ్లూమ్ 1957లో మన దేశానికి వచ్చి పరీక్షల సంస్కరణ మీద వర్క్‌షాపులు కూడా నడిపాడు. కాబట్టి ఇది నిన్నగాక మొన్న న్యాక్ వాళ్లు తెచ్చిపెట్టిన తలనొప్పి కాదు. మన స్టాఫ్‌రూముల్లో ఆ ముచ్చట తెగ నడుస్తుంటుంది కాబట్టి చెబుతున్నా.

ఇప్పుడు లెక్క. 75 మార్కుల తెలుగు పేపరు, ఐదు యూనిట్లు అనుకుందాం. ఒక్కో యూనిట్‌కి ఒక పది మార్కుల ప్రశ్న, ఒక ఐదు మార్కుల ప్రశ్న. అంటే ప్రతి యూనిట్‌కీ 15. సులువుగా ఉండటానికి ఆరు మెట్లను మూడుగా కుదిద్దాం. జ్ఞాపకానికి 30, అవగాహనకి 25, విశ్లేషణకీ ఆ పైవాటికీ 20.

నేను కూర్చున్న ఒక మీటింగులో ఇలాంటి పట్టికే బల్ల మీదకి వచ్చింది. ఇతిహాసం యూనిట్‌కి పది మార్కులు విశ్లేషణలో, ఐదు అవగాహనలో. ప్రబంధానికీ అంతే. శతకానికి పదిహేనూ అవగాహనలోనే. నాలుగో యూనిట్ జాషువా 'గబ్బిలం'. దానికి పదిహేనూ జ్ఞాపకంలో. ఐదోది వ్యాకరణం, అదీ పదిహేనూ జ్ఞాపకంలో.

కూడి చూడండి. ప్రతి అడ్డు వరసా 15 వస్తుంది. నిలువు వరసలు 30, 25, 20 వస్తాయి. మొత్తం 75. ఎక్కడా ఒక్క మార్కు తేడా లేదు. చివరి గడులు చూసి అందరూ సంతకాలు పెట్టడానికి సిద్ధమయ్యారు. జాషువాకి అందరితో సమానంగా పదిహేను ఇచ్చాం కదా, ఇంకేం కావాలన్నారు.

లోపలి గడి చూస్తే తెలుస్తుంది. ప్రబంధం గురించి విద్యార్థి ఆలోచించాలి. జాషువా గురించి మాత్రం ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ పుట్టాడు, ఏమేం రాశాడు అని అప్పజెప్పాలి. 1895 సెప్టెంబర్ 28, వినుకొండ, 'గబ్బిలం' 1941, పద్మభూషణ్ 1970. అయిపోయింది, పది మార్కులు. గుడిలోకి గబ్బిలం పోగలదు, దళితుడు పోలేడు అన్న కావ్యాన్ని చదివించి, దాని మీద ఒక్క ఆలోచన కూడా అడగకుండా పిల్లల్ని ఇంటికి పంపించవచ్చన్నమాట. ఆయన పుట్టిన ఊళ్లో కూర్చుని కూడా!

మొత్తాలు మార్చకుండానే దీన్ని సరిచేయొచ్చు. ఇతిహాసానికి పది అవగాహనలో, ఐదు జ్ఞాపకంలో. ప్రబంధానికి పది విశ్లేషణలో, ఐదు జ్ఞాపకంలో. శతకానికి పది అవగాహనలో, ఐదు జ్ఞాపకంలో. 'గబ్బిలా'నికి పది విశ్లేషణలో, ఐదు అవగాహనలో. వ్యాకరణం ఉన్నచోటే. మళ్లీ కూడండి. అవే 15లు, అవే 30, 25, 20. ఇతిహాసానికి ఈసారి విశ్లేషణ దక్కలేదు కదా అంటారా? వచ్చే పరీక్షకి తిప్పండి. ఎప్పుడూ ఒకే యూనిట్ కింద మెట్టు మీద ఉండకూడదన్నదే నా గొడవ. వ్యాకరణం గడి నాకూ నచ్చలేదు. సంధి సూత్రం రాయమనే బదులు చదవని పద్యం ఒకటి ఇచ్చి సంధులు విడదీయమంటే అది అన్వయం అవుతుంది. దానికి మొత్తాలే మార్చాలి, ఆ పోట్లాట వేరు.

అయితే గడి మార్చినంత మాత్రాన ప్రశ్న మారదు. ఇక్కడే మనవాళ్లూ మోసపోతారు. 'తెలపండి' కొట్టేసి 'విశ్లేషించండి' అని రాస్తారు, పట్టికలో విశ్లేషణ కింద టిక్కు పెడతారు. "కవి గబ్బిలాన్నే దూతగా ఎందుకు ఎంచుకున్నాడో విశ్లేషించండి" అన్న ప్రశ్న చూడండి. వినడానికి గొప్పగా ఉంది. కానీ జవాబు ప్రతి గైడులోనూ ఉంది, క్లాసులో మనమే డిక్టేట్ చేశాం. అది పచ్చి జ్ఞాపకం ప్రశ్న. స్థాయి క్రియాపదంలో ఉండదు, జవాబు రాసే పిల్లవాడు చేసే పనిలో ఉంటుంది. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ప్రశ్నని పట్టుకుని గైడు తెరువు. జవాబు ఉన్నదున్నట్టు దొరికితే దాన్ని జ్ఞాపకం గడిలోకి తిరిగి పంపు.

మరి నిజమైన విశ్లేషణ ప్రశ్న ఎలా ఉంటుంది? 'మేఘసందేశం'లో యక్షుడు శాపం వల్ల భార్యకి దూరమయ్యాడు, ఆ శాపానికి గడువు ఉంది. 'గబ్బిలం'లో సందేశం పంపేవాడి బాధకి గడువు ఉందా? ఈ తేడా వల్ల సందేశ కావ్యం అనే ప్రక్రియలో ఏం మారింది? ఈ రెండు కావ్యాల పరిచయం పేపర్లోనే నాలుగు వాక్యాల్లో ఇచ్చేయండి. అప్పుడు పిల్లవాడికి కంఠస్థంతో పని లేదు.

దీనికి మేస్టారి దగ్గర ఇంకో బాణం ఉంది. "మీ పిల్లలకే కష్టం కదయ్యా, జ్ఞాపకం ప్రశ్నలుంటేనే పాసవుతారు" అని. దయతో అంటున్నారని తెలుసు, అందుకే ఎక్కువ మండుతుంది. ఫిబ్రవరి, మార్చి వస్తే మా వైపు సగం క్లాసు మిరపకాయ కోతల్లో ఉంటుంది. డిక్టేట్ చేసిన నోట్సు ఎవరి దగ్గర ఉంటుంది? కోతకి పోనివాడి దగ్గర. గైడు ఎవరు కొంటారు? కొనగలిగినవాడు. జ్ఞాపకం ప్రశ్న సులువైంది నోట్సు ఉన్నవాడికే. వాడకి బయట నిలబెట్టడం అంటే ఏంటో ఒంటికి తెలిసిన పిల్లకి పై ప్రశ్నలో చెప్పుకోడానికి చాలా ఉంటుంది. పాసు భయమైతే, నలభై శాతం అంటే 30 మార్కులు. ఆ పట్టికలో విశ్లేషణ మొత్తం వదిలేసినా ఇంకా 55 మార్కులు మిగిలే ఉన్నాయి.

చివరగా చాయిస్ సంగతి. ఇక్కడ మొత్తం పని చెడిపోవచ్చు. 'అ' కింద 'గబ్బిలం' విశ్లేషణ పెట్టి, 'లేదా' కింద జాషువా జీవిత విశేషాలు పెడితే, అందరూ రెండోదే రాస్తారు. పట్టికలో విశ్లేషణ, జవాబు పత్రంలో పుట్టిన తేదీ. 'లేదా'కి రెండు వైపులా అదే యూనిట్, అదే స్థాయి ఉండాలి. "ఎనిమిదిలో ఐదు రాయండి" అన్న సెక్షన్ అయితే ఇంకా ఘోరం, ఒక యూనిట్‌ని అక్కడ మొత్తంగా దాటేయొచ్చు. పెట్టిన ప్రశ్నలకి వేసిన లెక్క, రాసిన జవాబులకి నిలవదు. మీ కాలేజీలో నమ్మకం లేకపోతే పరీక్ష అయ్యాక ఒక కట్ట పేపర్లు తీసి, ఎవరు ఏ ప్రశ్న రాశారో గీతలు పెట్టి చూడండి. విద్యార్థి మిత్రులు ఇంకోటి చేయొచ్చు. పాత పేపర్లు మూడు దగ్గర పెట్టుకుని, మీ సిలబస్‌లోని దళిత కవి, స్త్రీవాద కవి ఏ గడిలో పడ్డారో మీరే పట్టిక గీసి ఇక్కడ కామెంట్లో పెట్టండి.

ఆ మీటింగులో ఏమైందంటారా? గడి మారింది. పది మార్కుల ప్రశ్న విశ్లేషణలోకి వచ్చింది. తర్వాత వాల్యుయేషన్ స్కీం వచ్చింది: "కవి పరిచయం 5 మార్కులు, మిగతాది 5." దాని గురించి నాలుగో భాగంలో.